నాలుగు ‘సీ’లలో కౌంటరు మీద వినపడనిది: లక్ష రూపాయల లోపు నిశ్చితార్థపు ఉంగరం

విజయవాడ బందరు రోడ్డులో గానీ, గుంటూరు బ్రాడీపేటలో గానీ నగల దుకాణంలోకి వెళ్ళి ఒంటిరాయి వజ్రపుటుంగరం చూపించమని అడిగితే, సాధారణంగా మొదట వినపడే మాట ‘ఈఎఫ్ వీవీఎస్’. ఆ వెంటనే రాయి ఎన్ని సెంట్లో చెబుతారు. ఈ రెండు ముక్కల్లో వజ్రపు నాణ్యతను కొలిచే నాలుగు ‘సీ’లలో మూడు ఇమిడి ఉన్నాయి. ఈఎఫ్ అనేది రంగు, అంటే కలర్. వీవీఎస్ అనేది నిర్మలత్వం, అంటే క్లారిటీ. సెంట్లు అనేవి బరువు, అంటే క్యారెట్. నాలుగోదైన కట్ గురించి మనం అడిగితే తప్ప ఎవరూ ఎత్తరు. రాయి మెరుస్తుందా లేదా అన్నది అన్నిటికన్నా ఎక్కువగా ఆ నాలుగోదాని మీదే ఆధారపడి ఉంటుంది కనుక, చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారికి దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు.

గత ఏడాది శ్రావణంలో మా పిన్ని కొడుక్కి సంబంధం కుదిరింది. గుంటూరులో ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో పనిచేస్తాడు. అమ్మాయికి పెట్టే ఉంగరానికి బంగారం, రాయి, తరుగు, పన్ను అన్నీ కలిపి లక్ష రూపాయలు దాటకూడదని ముందే అనుకున్నాడు. మా ఇంట్లో పదేళ్ళ క్రితం కొన్న అరక్యారెట్ ఉంగరం ఒకటుంది. బిల్లు మీద ఈఎఫ్ వీవీఎస్ అనే రాసి ఉంది. దానిని కిటికీ దగ్గర పట్టుకుని నిటారుగా పైనుంచి చూస్తే, రాయి మధ్యలో మేకు తలంత నల్లటి మచ్చ కనపడుతుంది. అది మురికీ కాదు, లోపలి దోషమూ కాదు, కోత తప్పడం వల్ల వచ్చిన చీకటి. ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అందుకే ఈసారి తమ్ముడి వెంట నేనూ వెళ్ళాను, వెళ్ళేముందు అతనికి చెప్పినవే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

బరువుతో మొదలుపెడదాం, ఎందుకంటే ధర అంతా బరువు మీదే లెక్క కడతారు. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, దానిని నూరు భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక సెంటు. అంటే యాభై సెంట్ల రవ్వ గ్రాములో పదో వంతు మాత్రమే తూగుతుంది. బంగారానికి వాడే క్యారెట్ వేరు. అది శుద్ధతను 24 భాగాలలో చెప్పే కొలత. 22 క్యారెట్ల బంగారం మెత్తన కనుక ఒంటిరాయి ఉంగరాలను ఎక్కువగా 18 క్యారెట్లలో, అంటే 75 శాతం బంగారంతో చేస్తారు. ఒకే బిల్లులో రెండు క్యారెట్లూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఈ తేడా తెలిసి ఉండటం అవసరం.

వజ్రాల ధర బియ్యం ధరలా బరువుతోపాటు సమానంగా పెరగదు. క్యారెట్‌కు ఇంత అని రేటు ఉంటుంది, ఆ రేటే కొన్ని మెట్ల దగ్గర ఒక్కసారిగా పైకి వెళుతుంది. 30 సెంట్లు, 40, 50, 70, 90, ఆపైన నిండు క్యారెట్ అలాంటి మెట్లు. 49 సెంట్ల రాయికీ 50 సెంట్ల రాయికీ బరువులో తేడా ఒక్క సెంటే అయినా, రెండోది పైమెట్టు రేటుతో లెక్కలోకి వస్తుంది. మెట్టుకు కొంచెం కిందనున్న రాయి తీసుకుంటే డబ్బు మిగులుతుందని చాలామందికి తెలిసిన విషయమే. ఈ మెట్లవల్ల కోతకు ఏమవుతుందన్నది అంతగా తెలియని విషయం.

సానబట్టే పనివాడి చేతిలో ఉన్న ముడిరాయిని సరైన కోణాలతో కోస్తే 46 సెంట్లు వచ్చేటట్టు ఉంటే, అతను కోణాలను కొంచెం వదిలేసి, రాయి అడుగుభాగాన్ని లోతుగా, నడుమును మందంగా ఉంచి 50 సెంట్లు నిలబెట్టుకోగలడు. అప్పుడది పైమెట్టు రేటుకు అమ్ముడవుతుంది. అలా దాచుకున్న ఆ నాలుగు సెంట్లూ రాయి పొట్టలో ఉంటాయి. ఉంగరంలో పొదిగిన తరువాత అవి ఎవరికీ కనపడవు, మనం మాత్రం వాటికి డబ్బు కడతాం. సరిగ్గా 50 దగ్గర, సరిగ్గా 70 దగ్గర, సరిగ్గా నిండు క్యారెట్ దగ్గర ఉన్న రాళ్ళను ఒకటికి రెండుసార్లు పరిశీలించాలనడం ఇందుకే.

తమ్ముడికి రెండు దుకాణాలలో చూపించిన రెండు గుండ్రటి రాళ్ళ కొలతలను నేను కాగితం మీద రాసుకున్నాను, వాటిలోని తరగతుల సంగతి తరువాత చెబుతాను. మొదటిది 50 సెంట్లు, రంగు ఇ, నిర్మలత్వం వీవీఎస్2, కట్ ‘గుడ్’. దాని వ్యాసం 4.97 నుంచి 5.00 మిల్లీమీటర్లు, లోతు 3.30 మిల్లీమీటర్లు. రెండోది 46 సెంట్లు, రంగు హెచ్, నిర్మలత్వం వీఎస్2, కట్ ‘ఎక్సలెంట్’. దాని వ్యాసం 4.96 నుంచి 4.99, లోతు 3.05. పైనుంచి చూసేటప్పుడు కంటికి కనపడేది వ్యాసమే. ఆ లెక్కన ఈ రెండు రాళ్ళూ ఒకే పరిమాణంలో ఉన్నాయి, నాలుగు సెంట్ల తేడా మొత్తం లోతులోనే ఉంది. లోతును వ్యాసంతో భాగిస్తే మొదటిదానికి 66 శాతం, రెండోదానికి 61 శాతం పైచిలుకు వస్తుంది. గుండ్రటి రాయికి ఈ అంకె సుమారు 59కీ 63కీ మధ్య ఉంటే మంచిది.

ఈ కొలతలను ఎవరైనా సరిచూసుకోవచ్చు. గుండ్రటి వజ్రానికి ఉజ్జాయింపు సూత్రం ఇది.

```
బరువు (క్యారెట్లు) = వ్యాసం × వ్యాసం × లోతు × 0.0061
```

కొలతలను మిల్లీమీటర్లలో వేసుకుంటే మొదటి రాయికి 0.50, రెండోదానికి 0.46 వస్తాయి. పొదిగిన రాయిని విడిగా తూచడం సాధ్యం కాదు కనుక, బిల్లులో రాసిన సెంట్లు నమ్మదగినవేనా అని అనుమానం వచ్చినప్పుడు ఈ లెక్క ఎంతో ఉపయోగపడుతుంది.

ఇప్పుడు కట్ అంటే ఏమిటో చూద్దాం. గుండ్రమా, కోలగా ఉందా అన్నది ఆకారమే తప్ప కట్ కాదు. గుండ్రటి బ్రిలియంట్ రాయికి 57 లేదా 58 పలకలుంటాయి. ఆ పలకలు ఏ కోణాలలో, ఎంత నిష్పత్తిలో, ఎంత నునుపుగా, ఎంత సమానంగా ఉన్నాయన్నదే కట్. పైనుంచి లోపలికి వెళ్ళిన వెలుగు అడుగు పలక మీద పడి, ఎదుటి పలకకు తిరిగి, అక్కడి నుంచి మళ్ళీ పైకి మన కంటికి రావాలి. వజ్రం వెలుగును బాగా వంచే పదార్థం. లోపలి వెలుగు పలక మీద మరీ నిటారుగా పడితే, అంటే లంబరేఖకు 24 డిగ్రీల చిల్లర లోపల పడితే, అది తిరిగి లోపలికి రాకుండా బయటికి జారిపోతుంది. అడుగుభాగపు కోణం 41 డిగ్రీల దరిదాపులలో, పైభాగపు కోణం 34, 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఎక్కువ వెలుగు పైకి తిరిగి వస్తుంది. అడుగు మరీ లోతైతే రాయి మధ్యలో చీకటి కూర్చుంటుంది. మా ఇంటి ఉంగరంలో ఉన్నది అదే, ఇంగ్లీషులో దానికి నెయిల్‌హెడ్ అని పేరు. అడుగు మరీ పలచనైతే రాయి నడుము ప్రతిబింబం పైపలక లోపల బూడిదరంగు వలయంలా కనపడుతుంది, దానిని చేపకన్ను అంటారు. ఈ రెండు తప్పులనూ రంగు గానీ నిర్మలత్వం గానీ కప్పిపుచ్చలేవు. ఈఎఫ్ వీవీఎస్ రాయి కూడా మసకగా ఉండటం సాధ్యమే.

కట్ కోసం బరువును వదులుకోవడానికి చరిత్రలో అందరికీ తెలిసిన ఉదాహరణ మన కృష్ణ ఒడ్డునే మొదలవుతుంది. కోహినూరు దొరికింది ఒకప్పటి గుంటూరు జిల్లాలోని, ఇప్పటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు గనుల్లోనేనని చాలామంది నమ్ముతారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది. 1851లో లండన్ ప్రదర్శనలో కోహినూరును పెట్టినప్పుడు, అంత పేరున్న రాయి మెరవడం లేదేమిటని చూడవచ్చిన జనం నిరాశపడ్డారు. అది మన పాత పద్ధతిలో బరువు పోకుండా సానపట్టిన రాయి. 1852లో దానిని మళ్ళీ కోయించారు. అప్పటి తూకంలో 186 క్యారెట్లున్న రాయి 105.6 క్యారెట్లకు దిగింది. ఆ కోత బాగా కుదిరిందా లేదా అన్నది వేరే మాట. వెలుగు కోసం అంత పెద్ద రాయిలోనే దాదాపు సగం బరువును వదులుకున్నారన్నది మాత్రం గుర్తుపెట్టుకోదగిన విషయం.

అమెరికాకు చెందిన జీఐఏ సంస్థ గుండ్రటి వజ్రాలకు కట్‌ను ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అని అయిదు తరగతులుగా చెబుతుంది. డబ్బు తక్కువగా ఉన్నవారు ఎక్సలెంట్ కంటే కిందికి దిగవద్దని నా సలహా, మరీ తప్పకపోతే వెరీ గుడ్ దగ్గర ఆగాలి. గుడ్ అన్న పేరు విని మోసపోకూడదు, అది పైనుంచి మూడోది. గుండ్రటి రాయినే ఎంచుకోమంటాను, దానికి ఒక కారణం ఉంది. కోలగా, చతురస్రంగా, హృదయాకారంలో ఉన్న రాళ్ళకు జీఐఏ నివేదికలలో ఈ కట్ తరగతి ఇచ్చే పద్ధతి లేదు కాబట్టి, వాటి కోత మంచిచెడులను కొనేవారు సొంత కంటితోనే తేల్చుకోవలసి ఉంటుంది.

దుకాణంలో కట్‌ను కంటితో పరీక్షించే చోటు కౌంటరు కాదు. అక్కడ తలపైన వరుసగా ఉండే చిన్న దీపాల కింద గాజుముక్క కూడా తళతళలాడుతుంది. మేము రెండు రాళ్ళనూ చిమటాతో పట్టుకుని, దీపాలు లేని గుమ్మం పక్కకు తెచ్చి, నీడపట్టున, తమ్ముడి చేతినీడలో ఉంచి చూశాము. 46 సెంట్ల రాయి అంచునుంచి అంచుదాకా వెలుగునీడలు కలిసిన ముక్కలతో నిండుగా ఉంది, కొంచెం కదిపితే ఆ ముక్కలన్నీ కదిలాయి. 50 సెంట్ల రాయిలో మధ్యభాగం పొగపట్టినట్టు నిద్రపోతోంది, ఎంత కదిపినా అక్కడ వెలుగు రాలేదు. ఇందుకు భూతద్దం అవసరం లేదు, నిమిషం ఓపిక చాలు. ఇలా చూస్తామంటే అడ్డుచెప్పే దుకాణంలో ఒంటిరాయి కొనకపోవడం మంచిది.

కట్ దగ్గర పట్టుబట్టడానికి కావలసిన డబ్బు రంగులోనూ నిర్మలత్వంలోనూ మిగులుతుంది.

రంగు తరగతులు ఇంగ్లీషు అక్షరం డి దగ్గర మొదలై జెడ్ దాకా వెళతాయి. డి, ఇ, ఎఫ్ పూర్తిగా రంగులేనివి. జి నుంచి జె వరకు దాదాపు రంగులేనివి. ఆపైన పసుపు లేదా గోధుమ ఛాయ క్రమంగా కంటికి తెలుస్తుంది. ప్రయోగశాలలో ఈ తరగతిని నిర్ణయించేటప్పుడు రాయిని తలకిందులుగా తెల్లటి గట్టు మీద పెట్టి, పక్కనుంచి చూస్తూ, నమూనా రాళ్ళతో పోలుస్తారు. రాయిని నిలబెట్టి పైనుంచి చూస్తే మెరుపులో రంగు కలిసిపోతుంది కాబట్టి అలా తిప్పవలసి వస్తుంది. ఉంగరంలో రాయిని మనం చూసేది పైనుంచే. పైగా అరక్యారెట్ లోపు చిన్న రాళ్ళలో ఛాయ మరీ తక్కువగా తెలుస్తుంది. ఎఫ్ రాయిని, హెచ్ రాయిని ఉంగరాలలో పొదిగి వేరువేరు చేతులకు పెడితే, ఏది ఏదో చెప్పడం వ్యాపారంలో ఉన్నవారికే కష్టం.

ఇందులో లోహం సంగతి కూడా కలుస్తుంది. మన ఇళ్ళలో పసుపుపచ్చ బంగారమే ఇష్టపడతారు. రాయిని పట్టి ఉంచే పసుపు బంగారపు కాళ్ళ మధ్య కూర్చుంటే ఇ రంగు రాయిలో కూడా ఆ బంగారపు నీడ పడుతుంది, అందుకని అంత తెల్లదనానికి డబ్బు పెట్టడంలో అర్థం లేదు. పసుపు బంగారానికి ఐ, జె రంగులు కూడా నిక్షేపంలా సరిపోతాయి. తెల్ల బంగారంలోనో ప్లాటినంలోనో చేయించేటట్టయితే జి, హెచ్ దగ్గర ఉండాలి. మా తమ్ముడు తీసుకునేది పసుపు బంగారం. హెచ్ కంటే కిందికి కూడా దిగవచ్చని చెప్పాను, పిన్ని మాత్రం అంగీకరించలేదు.

పిన్ని మాటలో ఒక పాత అనుభవం ఉంది. ఆమె తల్లిగారి ఏడురాళ్ళ దుద్దులు బ్లూ జాగర్ రాళ్ళవని, ఎండలోకి వస్తే నీలంగా మెరిసేవని చెబుతూ ఉంటుంది. ఆ పేరు దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫొంటైన్ అనే గని నుంచి వచ్చింది. ఆ గని రాళ్ళలో కొన్నిటికి అతినీలలోహిత కిరణాలు తగిలితే నీలికాంతి ఇచ్చే గుణం ఉండేది. ఇప్పటి నివేదికలలో దీనినే ఫ్లోరోసెన్స్ అని ఒక వరుసలో రాస్తారు. ఒకప్పుడు మన ఊళ్ళలో ఎక్కువ ధర పలికిన ఆ గుణానికి నేటి వజ్రాల బజారులో, ముఖ్యంగా డి నుంచి ఎఫ్ దాకా రంగున్న రాళ్ళలో, ధర తగ్గిస్తారు. ఐ, జె రాళ్ళలో మధ్యస్థంగా ఉన్న నీలి ఫ్లోరోసెన్స్ పసుపు ఛాయను కొంత విరిచి, పగటి వెలుతురులో రాయిని ఇంకొంచెం తెల్లగా చూపించగలదు. మరీ బలంగా ఉన్న కొద్ది రాళ్ళు పాలు కలిపినట్టు మసకగా కనపడతాయి. కాబట్టి బయట ఎండలో ఒకసారి చూసి, మసక లేదని తేల్చుకుంటే, ఆ తగ్గింపు ధర కొనేవారికి లాభమే.

నిర్మలత్వం విషయానికి వస్తే, మన పెద్దలు రాయిలో కాకిపాదం ఉందా, బిందువు ఉందా అని చూసేవారు. ఈనాటి పట్టిక ఆ పరిశీలననే పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం కింద చేసి, పదకొండు మెట్లుగా విడదీస్తుంది. ఏ దోషమూ లేని ఎఫ్ఎల్, తరువాత ఐఎఫ్, వీవీఎస్ రెండు మెట్లు, వీఎస్ రెండు, ఎస్ఐ రెండు, చివర ఐ మూడు. వీవీఎస్ రాయిలోని దోషం పదిరెట్ల భూతద్దం కిందే నిపుణుడికి కూడా వెతికితే గానీ దొరకదు. వీఎస్ రాయిలోది భూతద్దంతో కనపడుతుంది, ఉత్త కంటికి మాత్రం కనపడదు. అంటే వేలికి పెట్టుకున్న తరువాత వీవీఎస్1కీ వీఎస్2కీ మధ్య చూడగలిగిన తేడా ఏమీ ఉండదు, తేడా అంతా ధరలోనే ఉంటుంది.

ఎస్ఐ1 దగ్గర పరిస్థితి మారుతుంది. అక్కడ తరగతి ఒక్కటి చూసి కొనకూడదు, దోషం ఏమిటో ఎక్కడుందో చూడాలి. అంచు దగ్గర తెల్లటి చిన్న నలుసు ఉంటే బంగారపు కాలు కిందికి పోతుంది, దానివల్ల బాధ లేదు. పైపలక మధ్యలో నల్లటి చుక్క ఉంటే ప్రతిరోజూ కంటికి తగులుతుంది. ఈకలాంటి పగులు నడుము అంచుదాకా వచ్చి ఉంటే, పొదిగేటప్పుడు ఒత్తిడికి అక్కడ రాయి పెళుసుగా విరిగే ప్రమాదం ఉంది. ఇక నివేదిక అడుగున ఉండే వ్యాఖ్యలలో, తరగతికి కారణమైన మబ్బులను బొమ్మలో చూపలేదు అనే అర్థం వచ్చే వాక్యం ఉంటే ఆ ఎస్ఐ రాయిని జాగ్రత్తగా చూడాలి. దోషం ఒకచోట కాకుండా రాయి అంతటా పొగమంచులా పరుచుకుని మెరుపును చంపుతూ ఉండవచ్చు. ఇవన్నీ పరిశీలించే తీరిక లేనివారికి వీఎస్2 నిశ్చింత.

ఈ వివరాలు నివేదికలో ఉంటేనే ఇదంతా సాధ్యమవుతుంది. నగ మొత్తానికి కలిపి ఇచ్చే కార్డు వేరు, పొదగకముందు ఒక్క రాయికి ఇచ్చే నివేదిక వేరు. పొదిగిన రాయిని విడిగా తూచలేరు, తలకిందులుగా పెట్టి రంగు చూడలేరు. అందుకే నగ కార్డులలో బరువు ఉజ్జాయింపుగా, రంగు ‘ఇ-ఎఫ్’ అని రెండక్షరాల మధ్య, నిర్మలత్వం ‘వీవీఎస్’ అని మెట్టు చెప్పకుండా ఉంటాయి, కట్ వరుస చాలాసార్లు ఉండనే ఉండదు. చిన్నచిన్న రాళ్ళు చాలా ఉన్న నెక్లెసుకు ఆ కార్డు సరిపోతుంది. ధరలో సగానికి పైగా ఒక్క రాయికే పోయే ఉంగరానికి అది చాలదు. జీఐఏ లేదా ఐజీఐ వంటి బయటి ప్రయోగశాల విడిరాయికి ఇచ్చిన నివేదిక అడగాలి. దాని నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో కొట్టి, తెర మీద వచ్చిన కొలతలు కాగితం మీది కొలతలతో సరిపోతున్నాయో చూసుకోవాలి. చాలా రాళ్ళకు అదే నంబరు నడుము మీద లేజర్‌తో చెక్కి ఉంటుంది, పదిరెట్ల భూతద్దంలో చదవవచ్చు.

ల్యాబులో పెంచిన వజ్రాల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తక్కువ బడ్జెట్ అనగానే ఇప్పుడు వాటినే ముందు పెడుతున్నారు. అవి గాజూ కాదు, అమెరికన్ డైమండూ కాదు. సీవీడీ, హెచ్‌పీహెచ్‌టీ అనే రెండు పద్ధతులలో పెంచిన అసలు వజ్రమే, మామూలు టెస్టరుకు భూమిలో దొరికినదానికీ దీనికీ తేడా తెలియదు. ధర మాత్రం ఎంతో తక్కువ, తిరిగి అమ్మితే వచ్చేది కూడా ఎంతో తక్కువ. పెద్ద రాయి కనపడటమే ముఖ్యమనుకునేవారు నిస్సంకోచంగా తీసుకోవచ్చు, కాకపోతే నివేదికలోనూ బిల్లులోనూ ల్యాబ్ గ్రోన్ అని స్పష్టంగా రాసి ఉండాలి. కట్ వల్ల మెరుపు ఎలా మారుతుందో పైన చెప్పినది వాటికీ వర్తిస్తుంది. ఈ సంబంధంలో రెండు వైపుల పెద్దలూ సహజ వజ్రమే ఉండాలన్నారు కనుక తమ్ముడు అటు వెళ్ళలేదు.

ఇక లెక్క. ఆ రోజు మాకు చెప్పిన ధరలు మీరు వెళ్ళేనాటికి ఉండవు. అంకెల మధ్య సంబంధాన్ని మాత్రం చూడండి. ఉంగరానికి పట్టే 18 క్యారెట్ల బంగారం 3 గ్రాములు, గ్రాము 9,000 చొప్పున 27,000 రూపాయలు. తరుగు, మజూరీ కలిపి 15 శాతం, అంటే 4,050. ఈ 31,050 ఏ రాయి పెట్టినా మారదు. మొదటి దుకాణంలోని 50 సెంట్ల రాయికి క్యారెట్‌కు 1,60,000 చొప్పున 80,000 అయింది. మొత్తం 1,11,050, దానిపై 3 శాతం జీఎస్టీ కలిపితే 1,14,382 రూపాయలు. బడ్జెట్ దాటిపోయిందని అంటే, వెంటనే అదే ఈఎఫ్ వీవీఎస్‌లో 40 సెంట్ల రాయి తీసి చూపించారు. బడ్జెట్ తగ్గితే రాయి చిన్నదవడమే దారి అని వారు అనుకున్నారు, తరగతులు మార్చి చూద్దామన్న ఆలోచన రాలేదు. రెండో దుకాణంలోని 46 సెంట్ల రాయి క్యారెట్‌కు 1,20,000 చొప్పున 55,200. బంగారంతో కలిపి 86,250, పన్నుతో 88,838 రూపాయలు. వ్యాసంలో మొదటి రాయికి సమానమై, మెరుపులో దానిని మించిన రాయి పాతిక వేలకు పైగా తక్కువకు వచ్చింది.

బిల్లు రాసేటప్పుడు రెండు చోట్ల వేలు పెట్టి చూసుకోవలసి ఉంది. ఉంగరం మొత్తం బరువులో రాయి బరువు తీసివేసిన నెట్ వెయిట్ మీదే బంగారం ధర కట్టాలి. 46 సెంట్లంటే 0.092 గ్రాము, కాబట్టి 3.092 గ్రాములు తూగిన ఉంగరంలో బంగారం 3 గ్రాములే. ఒంటిరాయి ఉంగరంలో ఇది వెయ్యి రూపాయల లోపు తేడా, రాళ్ళ గాజులలో అయితే వేలలోకి వెళుతుంది. రెండోది, తిరిగి ఇస్తే లేదా మార్చుకుంటే రాయి విలువలో ఎంత శాతం ఇస్తారో, బిల్లు ధర మీదా ఆ రోజు ధర మీదా అన్నది నోటిమాటగా వదలకుండా బిల్లు వెనుక రాయించుకోవాలి. తరుగు, మజూరీ, పన్ను ఎలాగూ తిరిగి రావు.

విడిరాయిని ఎంచుకుని పొదగమని ఇచ్చి వచ్చాము కాబట్టి, పదిరోజుల తరువాత ఉంగరం తీసుకునేటప్పుడు ఇంకొక పని మిగిలింది. రాయి మారలేదని ఎలా తెలుస్తుంది? తమ్ముడు భూతద్దం అడిగి తీసుకుని, ఉంగరాన్ని పక్కకు వంచి, రెండు కాళ్ళ మధ్య నడుము మీద చెక్కిన అంకెలను వెతికాడు. మొదటిసారి ఏమీ కనపడలేదు, ఆ చెక్కడం ఒక కాలి కిందికి పోయిందేమోనని కంగారుపడ్డాడు. ఉంగరాన్ని పావువంతు తిప్పి వెలుగు పక్కనుంచి పడేటట్టు పట్టుకుంటే, వెంట్రుక కంటే సన్నటి అంకెలు కనపడ్డాయి. అతను ఒక్కొక్కటీ పైకి చదువుతుంటే నేను నివేదికలోని నంబరు మీద వేలు జరుపుతూ వచ్చాను, చివరి అంకెదాకా సరిపోయింది. తరువాత లోపలివైపు 18 క్యారెట్లను తెలిపే 750 ముద్రను, హాల్‌మార్కులో ప్రతి నగకూ వేరుగా ఇచ్చే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీని చూశాము. ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తట్టి, రాయి వదులై చప్పుడు చేయడం లేదని నిర్ధారించుకున్నాక మిగిలిన డబ్బు కట్టి బయటికి వచ్చాము.